మీరు ఏ రకం?

వారఫలాలు చూడకుండా పత్రిక మడిచిపెట్టే ఇల్లు మనలో తక్కువే గదా! ఆ ముచ్చటే ఇప్పుడు వేషం మార్చుకుని పిల్లల ఫోనుల్లోకి వచ్చింది. నాచారం నుంచి వచ్చి ఉప్పల్‌లో మెట్రో ఎక్కే మా విద్యార్థులు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసే “కేరసెల్” అదే. వేలితో పక్కకు తోస్తూ పోతే ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే బొమ్మల వరుస అన్నమాట.

మా తరగతి అమ్మాయి ఒకతె చూపించిన వరుసలో ఆరు స్లైడ్లున్నాయి. మొదటిది, “మీ చదువు ఏ రకం?” అని అడుగుతుంది. తరువాతి నాలుగూ ప్రశ్నలు. ఒక్కొక్కదానికి క, చ, ట అని మూడు జవాబులు. చివరిది ఫలితం: క ఎక్కువైతే మీరు చూసి నేర్చుకునే రకం, చ ఎక్కువైతే విని నేర్చుకునే రకం, ట ఎక్కువైతే చేసి నేర్చుకునే రకం.

ఇందులో ఫోను లెక్క కట్టేదేమీ లేదు. అవి ఉత్త బొమ్మలు. లెక్క మన వేళ్లమీదే. మూడు ఫలితాలూ ఒకే స్లైడులో ఉంటాయి, మనం మనది మాత్రం చదువుకుని, “అచ్చం నేనే!” అని మురిసిపోతాం.

ఎందుకు మురుస్తాం? 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే ఆచార్యుడు తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, వారం తరువాత “మీ స్వభావం ఇది” అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంతవరకు సరిపోయిందో మార్కులు వేయమన్నాడు. సగటున అయిదుకు నాలుగు పైచిలుకు వేశారు. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే! అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోనివి. ఎవరికైనా అతికే మాట మనకే చెప్పినట్టు తోస్తుంది.

దీనిని కనిపెట్టే ఉపాయం తేలిక. మీ ఫలితం మూసిపెట్టి, పక్కవారి ఫలితం చదవండి. అదీ మీకు అతికిందా, ఆ స్లైడు మిమ్మల్ని గురించి ఏమీ చెప్పనట్టే.

లెక్కలోనూ చిక్కున్నది. నాలుగు ప్రశ్నలకు మూడేసి జవాబులంటే 81 విధాలుగా చెప్పవచ్చు. వాటిలో 18 చోట్ల రెండు అక్షరాలు చెరిసమానంగా వస్తాయి. అప్పుడు మీరు ఏ రకమో స్లైడుకే తెలియదు!

ఇంతవరకూ వినోదమే. చిక్కు ఆ తరువాత వస్తుంది. ఈ అమ్మాయికి “చూసి నేర్చుకునే రకం” అని వచ్చింది. ఆనాటి నుంచి పద్యలక్షణాలకు రంగులు పూయడం మొదలుపెట్టింది. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలని ఆకుపచ్చలో మెరుస్తూనే ఉన్నది. పుస్తకం మూసి ఒక పాదానికి గురులఘువులు వేయమంటే మాత్రం మూడో గణం దగ్గరే కలం ఆగిపోయింది. చూసినకొద్దీ పరిచయం పెరిగింది; వచ్చిందనుకున్నది.

ఎవరి రకాన్ని బట్టి వారికి చెబితే బాగా వస్తుందన్న మాటకు తగిన రుజువు లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ మొదలైన నలుగురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంతకు ముందరి పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. రుజువున్నది మరొకదానికి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు కొందరు విద్యార్థులచేత ఒక పాఠాన్ని రెండోసారి చదివించారు. కొందరిచేత చూడకుండా రాయించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత అడిగితే తారుమారు: రాసినవారికి నూటికి 56 పాళ్లు గుర్తున్నది, చదివినవారికి 42. మళ్లీ చదవడం మనల్ని ఎలా మోసగిస్తుందో ఆ మొదటి అయిదు నిమిషాలే చెబుతాయి.

కనుక వరుస తయారు చేసేవారు “మీరు ఎలాంటివారు?” అని కాక, “నిన్న ఏం చేశారు?” అని అడిగితే మేలు. పుస్తకం మూసి ఏమైనా రాశారా? వారం కిందటి పాఠం మళ్లీ తీశారా? ఇలాంటివి అయిదు ప్రశ్నలు, అవును–కాదు అని రెండే జవాబులు ఉంటే చాలు; ప్రశ్నలు బేసిసంఖ్య గనుక సమానం రానేరాదు. చివరి స్లైడులో రకం పేరు వద్దు. కాదులు ఎక్కువైనవారికి ఒక్క పని చెప్పాలి: “ఈ రాత్రి ఒక పేజీ చదివి, మూసి, గుర్తున్నది రాసి, తెరిచి సరిచూసుకోండి. శనివారం మళ్లీ రాయండి.”

మా అమ్మాయి అలాగే రాసింది. మొదటి రోజున ఏడు గణాల్లో నాలుగే సరిగా వచ్చాయి. రాని మూడు ఏవో అప్పుడే ఆమెకు తెలిసింది. రంగులు పూసినన్నాళ్లూ ఆ సంగతి తెలియలేదు.