గ్రాట్యుటీ చెక్కు, గుమ్మంలో రెండు బండ్లు

శ్రీరాంపూర్‌లోనో గోదావరిఖనిలోనో బొగ్గుబాయి కార్మికుడు దిగిపోయిన రోజు, మెడలో దండ వాడకముందే గుమ్మం ముందు రెండు బండ్లు ఆగుతాయి. ఒకటి బీమా ఏజెంటుది. రెండోది మ్యూచువల్ ఫండ్లు అమ్మేవాడిది. "ఆన్యుటీ కొను కాకా, బతికినన్నాళ్లూ జీతం లెక్క వస్తది" అంటాడు మొదటివాడు. "ఎస్‌డబ్ల్యూపీ పెట్టు, నెలకు ఇరవై వేలు తీసుకుంటనే ఉండు, అసలు కూడా పెరుగుతది" అంటాడు రెండోవాడు. ఇద్దరూ చెప్పేది సగమే. మిగతా సగం చెబితే కమీషన్ రాదు.

ముందు మొదటివాడి సంగతి. వాడు హామీ ఇచ్చేది రూపాయలకు, బియ్యానికి కాదు. ఈ మాట సింగరేణి మనిషికి నేను చెప్పాలా? 1998 బొగ్గుగనుల పింఛను పథకాన్ని ధరలకు ముడిపెట్టలేదు. అప్పట్లో దిగినవాళ్లు ఆ పింఛనుతో ఇప్పుడు ఏం కొంటున్నారో మీ వాడకట్టులోనే అడగండి. ఏటా ఆరు శాతం ధరలు పెరిగితే నేటి ఇరవై వేలు పన్నెండేళ్లకు పది వేల సత్తువకు దిగుతాయి. అది తెలిసీ అదే జబ్బును సొంత పైసలు పెట్టి మళ్లీ కొంటారా?

అందులోనూ ఒక దొంగాట ఉంది. దాని పేరు 'కొన్న ధర వాపసు'. అరవై ఏళ్లవాడు ముప్ఫై లక్షలు కడితే, వాపసు లేని రకంలో ఇప్పటి రేట్లకు నెలకు సుమారు ఇరవై వేలు వస్తాయి. వాపసు ఉన్నదైతే పదహారు వేలు. ఆ నాలుగు వేలు ఎవరి కోసం వదులుకుంటున్నావు? నువ్వు పోయాక కొడుకు చేతికి వచ్చే ముప్ఫై లక్షల కోసం. "నాన్న క్షేమం" అంటూ ఆ గడిలో టిక్కు పెట్టించే కొడుకులను చూశాను. నాన్న మందుల చీటీ మాత్రం వాళ్లకు కనపడదు. భార్య కోసమైతే వేరే దారి ఉంది. ఇద్దరి జీవితాలకూ కలిపి ఇచ్చే రకం తీసుకో, కొంత తగ్గినా నీ తర్వాత ఆమెకు ఆగదు. ఒక్క మినహాయింపు: ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో దిగినవాడికి వాపసు లేని ఆన్యుటీ నష్టపు బేరమే. ఆ బేరం ఎక్కువకాలం బతికేవాడిది.

ఇక రెండోవాడు. వాడి కాగితం మీద ఏటా పన్నెండు శాతం, గీత గీసినట్టు. మార్కెట్ అట్లా ఎప్పుడు నడిచింది? 2008 మొదట్లో ఒకరు ముప్ఫై లక్షలు సెన్సెక్స్ లెక్కన పెట్టి, ఏడాదికి 2.4 లక్షలు ముందుగా తీసుకున్నారనుకోండి. ఆ ఏడు సూచీ సగానికి పైగా కూలింది, చేతిలో 13 లక్షలు మిగిలాయి. మరుసటి ఏడు 81 శాతం లేచింది. పండుగే కదా? కాదు. పడిన ధరకు యూనిట్లు అమ్ముకు తిన్నాక లేవడానికి మిగిలిందే తక్కువ, 19 లక్షల దగ్గర ఆగింది. 2019 చివరికి సెన్సెక్స్ 20 వేల నుంచి 41 వేలకు చేరింది. ఆయన సంచిలో మిగిలింది ఒక్క ఏడాది తిండికే! డివిడెండ్లు కలిపితే ఆపైన ఇంకో రెండు మూడేళ్లు లాగేది, అంతే. సగటు రాబడి చూపేవాడు దాచేది ఈ వరుసనే. నష్టం మొదటి రెండు మూడేళ్లలో వస్తే, తర్వాతి లాభం తిరిగి నింపలేదు.

మరి ఏం చెయ్యాలంటారా? తిట్టి వదలను. ఇల్లు గడవడానికి, మందులకు, కరెంటుకు నెలకు పన్నెండు వేలు కావాలి, పింఛను మూడు వేలు వస్తుందనుకో. లోటు తొమ్మిది వేలు. దానికి మాత్రమే, దాదాపు పదిహేను లక్షలతో ఇద్దరి పేరునా ఆన్యుటీ కొను. మిగిలిన పదిహేనులో మూడు లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉంచు. (సీనియర్ సిటిజన్ పథకం కోసం ఎవడూ బండి వేసుకుని ఇంటికి రాడు. ఎందుకో ఆలోచించు.) పన్నెండు లక్షలు సగం షేర్లు, సగం రుణపత్రాలు ఉన్న ఫండులో వేసి, నెలకు ఐదు వేలు మించకుండా తీసుకో. మార్కెట్ కూలిన ఏడు ఫండుకు చెయ్యి పెట్టకు, ఆ మూడు లక్షల్లోంచి తిను. ధరలు పెరిగే కొద్దీ పెరగాల్సింది ఈ ఫండు సొమ్మే, అందుకే దాన్ని మొదట్లోనే పిండొద్దు.

"ఐదు వేలేనా?" అని మూతి విరుస్తాడు ఆ రెండోవాడు. వాడి ముందు తెల్లకాగితం పెట్టండి. 2008 జనవరి నుంచి ఏడాదికేడాది మీ ముందే లెక్క రాయమనండి. రాయకుండానే బండి స్టార్ట్ చేస్తాడు, పందెం.