పంటి పంటికీ లెక్క రాయాలి
బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ప్రజలకు, పళ్ళ డాక్టర్లకు విన్నపం

మన తాలూకాల్లో చాలా బోర్ల నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్ళు తాగి పెరిగిన పిల్లల ముందుపళ్ళ మీద తెల్లటి చారలు, గోధుమరంగు మరకలు కనిపిస్తాయి. పెళ్ళీడుకు వచ్చాక వాళ్ళే పంటి నొప్పికని క్లినిక్కుకు వెళ్తే, చేతికొచ్చే అంచనా చీటీలో నొప్పిపన్ను, మరకపళ్ళు కలిసిపోయి ఉంటాయి. కింద ఒక్క మొత్తమే కనిపిస్తుంది. ఈ పద్ధతి మారాలి.

ఒక చీటీని ఉదాహరణగా చూద్దాం. ధరలు లెక్క కోసం అనుకున్నవే.

క్లీనింగ్: 1,000
46కు రూట్ కెనాల్: 4,000
46కు క్యాప్: 5,000
13, 12, 11, 21, 22, 23కు సిరామిక్ క్యాప్‌లు: 36,000
మొత్తం: 46,000

ముందు అంకెలు చదవడం తెలియాలి. మొదటి అంకె నోటి భాగం: మీ కుడి పైభాగం 1, ఎడమ పైభాగం 2, ఎడమ కిందిది 3, కుడి కిందిది 4. రెండో అంకె నోటి మధ్య నుంచి లెక్కపెడితే ఎన్నో పన్నో చెబుతుంది. అంటే 46 కుడివైపు కింది మొదటి పెద్ద దవడపన్ను. 13 నుంచి 23 దాకా ఉన్నవి పైన నవ్వితే కనిపించే ఆరు పళ్ళు.

నొప్పి 46దే. ముందు ఎక్స్‌రే తీసి, పంటిలోని నరం పరిస్థితి పరీక్షించాలి. పుచ్చు నరం దాకా పోకపోతే ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. నరం చచ్చిపోయినా, తగ్గని నొప్పి ఉన్నా రూట్ కెనాల్. ఆ తర్వాత పోయిన భాగాన్ని గట్టి ఫిల్లింగ్‌తో నింపి, ఆ పైన క్యాప్ వేస్తారు. మధ్యలోని ఆ ఫిల్లింగ్ ఖర్చు చీటీలో కనిపించకపోతే, కలిపారా వదిలేశారా అని అడగాలి. వెనక పంటికి మెటల్ క్యాప్ చవక, పన్ను అరగదీయడం కూడా తక్కువ. పీకించేస్తే ఆ రోజుకు ఖర్చు తగ్గుతుంది గానీ, ఖాళీలో బ్రిడ్జి కట్టాలంటే పక్కనున్న మంచి పళ్ళను అరగదీయాలి. ఇంప్లాంట్ అయితే ఖర్చు ఇంకా ఎక్కువ.

ఇక ఆ ఆరు పళ్ళు. ఫ్లోరైడు మరక ఎనామెల్ తయారయ్యే చిన్న వయసులోనే పడుతుంది. పెద్దయ్యాక కొత్తగా పట్టదు, క్లీనింగ్‌తో పోదు. కాబట్టి ఆ పళ్ళకు ఆత్రం లేదు. క్యాప్ వేయాలంటే పంటిని చుట్టూ ఒక మిల్లీమీటరు దాకా, కొసన ఇంకా ఎక్కువ అరగదీస్తారు. పోయింది తిరిగి రాదు. ఆ క్యాప్ కూడా జీవితాంతం నిలవదు, మార్చాల్సి వస్తుంది. ఇరవై ఏళ్ళ వాళ్ళకు ఇది చిన్న మాట కాదు.

పన్ను గట్టిగా ఉండి రంగు మాత్రమే తేడా అయితే, పైపొరను ఆమ్లం కలిసిన పేస్టుతో పలుచగా రుద్దే మైక్రో అబ్రేషన్ ఉంది. మరక కొంచెం లోతుగా ఉంటే దాని తర్వాత బ్లీచింగ్ చేయవచ్చు. గుంటలు పడితే పంటి రంగు కాంపోజిట్‌తో పూడ్చవచ్చు. ఎనామెల్ పెచ్చులూడి విరిగిన పళ్ళకే వెనీరో, క్యాపో ఆలోచించాలి. తేలిక పద్ధతులతో లోతు మరక పూర్తిగా పోకపోవచ్చు. ఎంత మిగులుతుందో ముందే అడగాలి, ఒక పంటి మీద చేసి చూపించమనాలి.

ఇలా విడదీస్తే 46,000లో ఇప్పుడు అవసరమైనది 10,000. మిగతా 36,000 తీరిగ్గా తేల్చుకోవలసిన అందం పని.

అందుకే డాక్టర్లను మేము కోరేది ఇది:

1. చీటీలో పంటి పంటికీ విడిగా అంకె, జబ్బు, చేసే పని, ధర రాయాలి.
2. నొప్పి తగ్గించేది, పన్ను కాపాడేది, అందం కోసం చేసేది అని మూడు వరసలుగా, చేసే క్రమంలో పెట్టాలి.
3. ప్రతి పనికీ ఒక ప్రత్యామ్నాయం, ఏమీ చేయకపోతే ఏమవుతుందో ఒక్క మాటలో రాయాలి.
4. చీటీ కన్నడంలోనో తెలుగులోనో ఉండాలి, ఎక్స్‌రే నకలు ఇవ్వాలి.

కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, 2007 ప్రకారం క్లినిక్కులు ధరల పట్టికను కనబడేలా పెట్టాలి. 2017 సవరణతో జిల్లాలో ఫిర్యాదులు వినే ప్రాధికార సంస్థ కూడా ఉంది. ఈ నాలుగు అంశాలు ఉన్న చీటీని జిల్లా అంతటా అమలు చేయించమని ఆ సంస్థకు, జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ పెడదాం.

అంతవరకు, ముందుపళ్ళకు క్యాప్ అన్న చీటీకి అదే రోజు ఒప్పుకోకండి. బెంగళూరు ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో, ఇంకో డాక్టరు దగ్గరో చూపించుకున్నాకే డబ్బు కట్టండి.