విడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడ్ ఉన్నట్లేనా?

జ్వరం మొదలై మూడు రోజులైంది. ఆళ్లగడ్డ బజారులోని ఒక ల్యాబులో రక్తం ఇచ్చారు. గంటలో చేతికి వచ్చిన కాగితం మీద ‘విడాల్ పాజిటివ్, 1:80’ అని ఉంది. సాయంత్రానికల్లా సూదిమందు మొదలైంది. ఇంటికి వచ్చి పలకరించిన వారందరికీ ‘టైఫాయిడ్ అట’ అని చెబుతున్నారు. ఈ వరుస మన ప్రాంతంలో ఎంత సాధారణమో నేను మీకు చెప్పనవసరం లేదు. ఆ కాగితం నిజంగా ఎంత చెప్పగలదో, ఎంత చెప్పలేదో ఈ వ్యాసంలో మీతో కలిసి లెక్క వేయాలని నా ఉద్దేశం. కూడిక, భాగహారం తెలిస్తే చాలు.

విడాల్ పరీక్షను 1896లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జార్జ్ ఫెర్నాండ్ విడాల్ ప్రవేశపెట్టాడు. ఇది టైఫాయిడ్ క్రిమిని వెదకదు. ఆ క్రిమిని ఎదుర్కొనడానికి మన శరీరం తయారు చేసుకున్న ప్రతిదేహాలను వెదుకుతుంది. రక్తరసాన్ని ఎంత పలుచన చేసినా ఆ ప్రతిదేహాలు ఇంకా పనిచేస్తున్నాయో చూసి 1:40, 1:80, 1:160 అని రాస్తారు. ప్రతిదేహాలు జ్వరం మొదటి వారంలో చాలామందిలో ఇంకా పుట్టి ఉండవు. మరోవైపు, ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్ వల్లనో, పాత టీకా వల్లనో, కొన్నిసార్లు మలేరియా వంటి ఇతర జ్వరాల వల్లనో అవి కనిపించవచ్చు. కనుక ఈ పరీక్ష రెండు వైపులా తప్పగలదు. ఎంత తప్పుతుందన్నదే ప్రశ్న.

దీనికి సమాధానం చెప్పే పరిశోధన పత్రాలలో ఒకదాన్ని తీసుకుందాము. టాంజానియా దేశంలో జ్వరంతో ఆసుపత్రిలో చేరిన 1,680 మంది పిల్లలను పరీక్షించి, ఆ వివరాలను 2010లో ప్రచురించారు. ప్రతి బిడ్డకూ రక్తంలో క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్ చేసి, దాని ఫలితాన్నే సత్యంగా తీసుకున్నారు. 16 మందిలో టైఫాయిడ్ క్రిమి పెరిగింది. అంటే సుమారు ఒక శాతం. విడాల్‌లోని హెచ్ ప్రతిదేహాలకు 1:80ని హద్దుగా పెట్టుకుంటే సెన్సిటివిటీ 75 శాతం, స్పెసిఫిసిటీ 98 శాతం అని తేలింది.

ఈ రెండు మాటల అర్థం ముందుగా స్థిరపరచుకుందాము. నిజంగా జబ్బు ఉన్నవారిలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుందో చెప్పేది సెన్సిటివిటీ. జబ్బు లేనివారిలో ఎంతమందిని లేదని సరిగా విడిచిపెడుతుందో చెప్పేది స్పెసిఫిసిటీ. 75, 98 అన్న అంకెలు చూడగానే ‘ఇది మంచి పరీక్షే కదా’ అని మీకు అనిపిస్తుంది. ఇక లెక్క చూడండి.

జబ్బు ఉన్నవారు 16 మంది. అందులో 75 శాతం, అంటే 12 మందికి పాజిటివ్ వస్తుంది, నలుగురు తప్పిపోతారు. జబ్బు లేనివారు 1,664 మంది. వారిలో 98 శాతాన్ని పరీక్ష సరిగా విడిచిపెడుతుంది. మిగిలిన రెండు శాతానికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. రెండు శాతం వినడానికి స్వల్పమే. కానీ అది 1,664లో రెండు శాతం, అంటే సుమారు 34 మంది. మొత్తం పాజిటివ్‌లు 12, 34 కలిపి 46. వారిలో నిజమైన రోగులు 12 మంది. 12ను 46తో భాగిస్తే 26 శాతం. ఆ పత్రంలోనూ ఇదే అంకె ఉన్నది. పాజిటివ్ వచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురికి కల్చర్ ప్రకారం టైఫాయిడ్ లేదన్న మాట.

ఈ 26 శాతాన్నే పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ అంటారు. మన భాషలో చెప్పాలంటే, పాజిటివ్ అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే కొలత ఇది. ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా గమనించండి. సెన్సిటివిటీ లెక్క రోగుల నుండి మొదలై పరీక్ష వైపు నడుస్తుంది. మీ ప్రశ్న పరీక్ష కాగితం నుండి మొదలై రోగం వైపు నడుస్తుంది. దారి ఒకటే అయినా ఎదురు దిశలు. ‘టైఫాయిడ్ ఉన్నవారిలో 75 శాతానికి పాజిటివ్ వస్తుంది’ అన్నదాన్ని ‘పాజిటివ్ వచ్చినవారిలో 75 శాతానికి టైఫాయిడ్ ఉంటుంది’ అని తిప్పి చదవడమే అసలు పొరపాటు. చదువుకున్నవారు, వైద్యులు సైతం ఇందులో పడుతుంటారు.

అదే పత్రంలో నెగటివ్ ఫలితాన్ని ఎంత నమ్మవచ్చన్నదానికి 100 శాతం అని రాశారు. తప్పిపోయిన నలుగురు, సరిగా విడిచిపెట్టిన 1,630 మంది కలిపి నెగటివ్‌లు 1,634. వారిలో 1,630 మందికి నిజంగానే లేదు. 99.8 శాతాన్ని పూర్ణాంకం చేస్తే 100 అయింది. దీన్ని చూసి మురిసిపోనక్కరలేదు. అసలు ఏ పరీక్షా చేయకుండానే ‘ఈ బిడ్డకు టైఫాయిడ్ లేదు’ అని కళ్లు మూసుకుని చెప్పినా ఆ గుంపులో 99 శాతం సార్లు నిజమే అయ్యేది. జబ్బు అరుదుగా ఉన్నచోట నెగటివ్‌కు గొప్ప విలువ దానంతట అదే వస్తుంది.

కనుక ఈ ప్రెడిక్టివ్ విలువలు ఒక్క పరీక్ష గుణం మీదే ఆధారపడవు. పరీక్షకు వచ్చిన జనంలో ఆ జబ్బు ముందే ఎంత ఉందన్నదాని మీద కూడా ఆధారపడతాయి. దీన్ని బేస్ రేట్ అంటారు. దీని ప్రభావం తెలియడానికి టాంజానియా నుండి మన జిల్లాకు వద్దాము. ఇకపై చెప్పే జనసంఖ్యలు లెక్క కోసం నేను ఊహించుకున్నవి, సర్వే చేసినవి కావు.

ఆళ్లగడ్డలో మూడు రోజుల జ్వరంతో చిన్న క్లినిక్‌కు వచ్చిన వెయ్యి మందిని ఊహించుకోండి. వారిలో 20 మందికి టైఫాయిడ్ ఉందనుకుందాము. అవే 75, 98 అంకెలతో నిజమైన పాజిటివ్‌లు 15, మిగిలిన 980 మందిలో తప్పు పాజిటివ్‌లు సుమారు 20. 35 మందిలో 15 మందే రోగులు, అంటే 43 శాతం. ఇప్పుడు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలలో ఒక పెద్ద ఆసుపత్రి వార్డును ఊహించుకోండి. వారం దాటినా జ్వరం తగ్గక, మలేరియా, డెంగ్యూ కావని తేలిన తరువాత చేరిన వెయ్యి మంది వారు. వారిలో 300 మందికి టైఫాయిడ్ ఉందనుకుంటే నిజమైన పాజిటివ్‌లు 225, తప్పువి 14. నమ్మకం 94 శాతానికి పెరిగింది. కిట్ అదే, హద్దు అదే, కాగితం మీద మాట కూడా అదే. మారినదల్లా పరీక్షకు ముందు జరిగిన వడపోత.

అయితే నంద్యాల వార్డులో నెగటివ్ బలహీనపడింది. 300 మందిలో 75 మంది తప్పిపోయారు. నెగటివ్ వచ్చిన 761 మందిలో వీరు పదింట ఒక వంతు. ‘విడాల్ నెగటివ్ కనుక టైఫాయిడ్ కాదు’ అని అక్కడ నిశ్చింతగా ఉండరాదు.

మన వాస్తవం ఈ లెక్క కన్నా కఠినమైనది. ఆ పరిశోధనలో చేసినది గొట్టాలలో నిదానంగా చేసే పరీక్ష. మన చిన్న ల్యాబులలో ఎక్కువగా చేసేది గాజు పలక మీద నిమిషాలలో ముగిసే పరీక్ష. టైఫాయిడ్ తరచుగా తిరిగే ప్రాంతంలో పాత ప్రతిదేహాలు ఉన్న ఆరోగ్యవంతులూ ఎక్కువే. స్పెసిఫిసిటీ 98 నుండి 85కు తగ్గిందనుకోండి. ఆళ్లగడ్డ క్లినిక్‌లో తప్పు పాజిటివ్‌లు 147 అవుతాయి. 162 మంది పాజిటివ్‌లలో రోగులు 15 మందే, అంటే 9 శాతం. పైగా మూడో రోజున ప్రతిదేహాలు ఇంకా పుట్టవు కనుక ఆ 15 కూడా ఎక్కువ చెప్పినట్లే.

న్యాయంగా మరొక మాట చెప్పాలి. సత్యంగా తీసుకున్న బ్లడ్ కల్చర్ కూడా పరిపూర్ణం కాదు. అది ఒక్కసారికి సుమారు 60 శాతం రోగులనే పట్టుకుంటుంది. అలాగైతే టాంజానియాలో అసలు రోగులు 16 కాదు, సుమారు 27 మంది కావచ్చు. తప్పిపోయిన 11 మందిలో 8 మంది విడాల్ పాజిటివ్‌ల గుంపులోనే ఉండి ఉండవచ్చు. 12కు 8 కలిపినా 46లో 20, అంటే 43 శాతం. పరీక్షకు అనుకూలంగా లెక్కించినా సగానికి చేరలేదు.

ఇందులో ఏమి పోతుందని మీరు అడగవచ్చు. నల్లమల అంచున పొలాలలో, పొదలలో తిరిగేవారికి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. అది కూడా మొదట్లో టైఫాయిడ్‌లాగే కనిపిస్తుంది. ఒంటి మీద ఎక్కడో మడతలో, సిగరెట్‌తో కాల్చినట్లు నల్లని పక్కు ఉంటే ఉండవచ్చు, లేకపోవచ్చు. టైఫాయిడ్‌కు విరివిగా వాడే సెఫ్ట్రియాక్సోన్ సూదిమందు దాని మీద పనిచేయదు. డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. తప్పు పాజిటివ్‌ను నమ్మి గడిపిన నాలుగైదు రోజులలో ఆ రోగి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. తప్పు పేరు పెట్టడం వల్ల అసలు జబ్బును వెదకడం ఆగిపోతుంది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

కనుక నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. జ్వరం మూడో రోజున, ఏ వడపోతా లేకుండా, ఒక్కసారి చేసిన విడాల్‌ను ఆధారం చేసుకుని టైఫాయిడ్ అని నిర్ణయించడం మానాలి. అనుమానం బలంగా ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయాలి. ఆళ్లగడ్డలో ఆ సౌకర్యం అందకపోతే నంద్యాలకు పంపవచ్చు. విడాల్ తప్పనిసరి అయితే వారం పది రోజుల ఎడంతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. 1:80 అన్నది 1:320 అయితే దానికి అర్థం ఉంది. 1:80గానే నిలిచిపోతే ఆ ప్రతిదేహాలు పాతవేమో అని ఆలోచించాలి.

మీ వరకు, పాజిటివ్ కాగితం చేతికి వచ్చినప్పుడు వైద్యుణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: ‘డాక్టరు గారూ, ఈ పరీక్ష చేయకముందు నాకు టైఫాయిడ్ ఉండే అవకాశం ఎంత అనుకున్నారు?’ ఆ ప్రశ్నకు జవాబు లేనిదే కాగితం మీది పాజిటివ్‌కు విలువ కట్టలేము. జవాబు ‘చాలా తక్కువ’ అయితే, మందుతో పాటు మలేరియా, డెంగ్యూ, స్క్రబ్ టైఫస్ సంగతి కూడా చూశారా అని అడిగి తెలుసుకోండి.