బాబాయి బిల్లు ఎక్కడ ఆగింది?

గుడివాడలో మా బాబాయికి చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. రెండు లేత్‌లు, ఒక వెల్డింగ్ సెట్టు, ముగ్గురు పనివాళ్లు. మార్చి 4న ఒక కంపెనీకి 40 బ్రాకెట్లు పంపాడు, ఒక్కోటి 4,600 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను గానీ పెద్దదే. ఇన్‌వాయిస్‌ని వాళ్ల సప్లయర్ పోర్టల్‌లో నేనే అప్‌లోడ్ చేశాను. ఆ రోజు నుంచి స్టేటస్ ఒకటే: `Under Process`.

ఉగాది వెళ్లిపోయింది, స్టేటస్ మారలేదు. ఏప్రిల్ రెండో వారంలో బాబాయి బండేసుకుని వెళ్లి స్టోర్స్‌లో అడిగితే అప్పుడు తెలిసింది. 40లో రెండు ముక్కలు ఇన్‌స్పెక్షన్‌లో పోయాయి, వాళ్లు 38కే సరుకు రసీదు రాశారు. సిస్టమ్ పర్చేజ్ ఆర్డర్‌ని, సరుకు రసీదుని, ఇన్‌వాయిస్‌ని పక్కపక్కన పెట్టి చూస్తుంది. త్రీ-వే మ్యాచ్ అంటారు దీన్ని. ఆర్డర్ 40, రసీదు 38, బిల్లు 40. లెక్క కలవలేదు, బిల్లు పక్కకెళ్లి కూర్చుంది.

బిల్లు ఆపడం తప్పని నేననను. రాని సరుక్కి డబ్బు పోకూడదనే ఆ మ్యాచ్ పెట్టేది. ఎందుకు ఆగిందో చెప్పకపోవడమే నా గొడవ. మేం చేయాల్సిందల్లా రెండు ముక్కలకి 9,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,656, కలిపి 10,856 రూపాయలకి క్రెడిట్ నోట్ ఇవ్వడం. పావుగంట పని. అది తెలియక 2,17,120 రూపాయల బిల్లు మొత్తం ఆగిపోయింది. ఆ నెల పనివాళ్ల జీతాలు పిన్ని గొలుసు కుదువబెడితే వచ్చాయి.

ఇది మర్యాదకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకి సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. డెలివరీ అయిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, డెలివరీ రోజే అంగీకరించిన రోజు కింద లెక్క. బాబాయి విషయంలో మార్చి 19లోపు రాతలో ఏమీ రాకపోతే గడువు ఏప్రిల్ 18తో అయిపోతుంది. అభ్యంతరం వచ్చి ఉంటే, దాన్ని సరిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. కాబట్టి సరుకు ఎప్పుడు అందింది, ఎంత తీసుకున్నారు, ఏది ఎందుకు తిప్పారు, ఏ రోజు తిప్పారు అన్నవి ఆ పేజీలో కనపడాలి. `Under Process` అన్న రెండు మాటల వెనక ఆ తేదీలన్నీ దాక్కున్నాయి.

ఇంతవరకూ పోర్టల్ ఇంకా ఎక్కువ చెప్పాలన్నాను. ఒక్క చోట మాత్రం అది సప్లయర్‌ని సొంతంగా తక్కువ చేయనివ్వాలి. అది బ్యాంకు ఖాతా మార్పు.

నా రూమ్మేట్‌ది నాగాయలంక. వాళ్ల నాన్నగారు రొయ్యల కొనుగోలుదారుకి ఐసు వేస్తారు. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ నెట్ సెంటర్‌లో చేయించుకున్నారు. పాన్, జీఎస్టీ, క్యాన్సిల్డ్ చెక్కు, అన్నీ సక్రమంగా ఎక్కించారు. మొబైల్ నంబరు దగ్గర మాత్రం ఓటీపీ తొందరగా వస్తుందని నెట్ సెంటర్ కుర్రాడు తనది కొట్టేశాడు. మన ఊళ్లలో ఇది మామూలే, మీ ఇంట్లో కూడా ఒకసారి చూసుకోండి. ఇప్పుడు ఆ ఓటీపీ ఎవరి చేతిలో ఉంటే, ఐసు డబ్బు వాళ్లు చెప్పిన ఖాతాకి వెళ్తుంది.

ఓటీపీ ఫోన్ ఉందని చెబుతుంది, మనిషి ఎవరో చెప్పదు. అందుకే ఖాతా మార్చమని అడిగినప్పుడు కంపెనీ ముందు ఆ కొత్త ఖాతాకి ఒక రూపాయి వేసి, బ్యాంకు తిప్పి పంపిన పేరుని పాన్ మీది పేరుతో పోల్చాలి. పెన్నీ డ్రాప్ అంటారు. దాంతోనే సరిపోదు, దాదాపు అదే పేరుతో ఇంకో ఖాతా తెరవడం పెద్ద కష్టం కాదు. కాబట్టి అకౌంట్స్‌లో ఒక మనిషి ఫోన్ చేసి అడగాలి. ఆ ఫోన్ మార్పు దరఖాస్తులో ఉన్న నంబరుకి కాదు, మొదటి ఒప్పందం కాగితాల మీద ఉన్న నంబరుకి. ఇంకో మనిషి దాన్ని ఆమోదించాలి. అప్పటిదాకా పాత ఖాతాకే చెల్లించాలో, ఆపాలో సప్లయర్‌నే అడగాలి. లేకపోతే ఈ తనిఖీ పేరు చెప్పి కూడా బిల్లులు ఆపుతారు, బాబాయిని చూశాక నాకా అనుమానం పోలేదు.

మొబైల్ నంబరు మార్పుకీ ఇంతే కట్టుదిట్టం ఉండాలి, ఎందుకంటే నంబరు మారిస్తే తర్వాత ఖాతా మార్చడం సులువు. మావాడి నాన్నగారి విషయంలో అది ఎదురుతిరిగింది. తన సొంత నంబరు పెట్టుకుందామంటే, పోర్టల్ పాత నంబరుకి ఓటీపీ పంపుతానంటుంది. పాన్ కాపీతో ఆఫీసుకెళ్లి సంతకం పెట్టి మార్చుకునే దారి అందులో లేదు. నెట్ సెంటర్ మూసేశారు. ఆ కుర్రాడు హైదరాబాద్‌లో ఉన్నాడట, మావాడు వచ్చే ఆదివారం వెతుక్కుంటూ వెళ్తున్నాడు.