నాలుగు వలయాలలో ఇమడని ఇకిగాయ్

గత మాఘమాసంలో ఒకనాడు ప్రదోషపూజ ముగిసిన పిమ్మట, మా పొదిలి ప్రాంతపు రైతుబిడ్డ ఒకడు ఆలయమంటపంలో నా యెదుట ఒక పుస్తకం తెరచి కూర్చున్నాడు. అందులో ఒకదానిలో ఒకటి చొచ్చుకొనిపోయిన నాలుగు వలయాలున్నాయి. నీకు ప్రియమైనది, నీవు నేర్పుతో చేయగలది, లోకానికి కావలసినది, నీకు ధనమిచ్చేది. ఆ నాలుగూ కలిసే చోటే ‘ఇకిగాయ్’ అనే జపాను జీవనరహస్యమట.

“పంతులుగారూ, మా నాన్న ముప్పై యేళ్లుగా మిరప పండిస్తున్నాడు. పెట్టుబడి కూడా తిరిగి రాని యేళ్లున్నాయి. ఈ లెక్క ప్రకారం ఆయన బ్రతుకుకు అర్థం లేనట్లేనా?” అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను కలచివేసింది. ఆ లెక్క ఎవరిదో ముందు విచారించవలసి వచ్చింది.

ఆ వలయచిత్రం జపానుది కాదు. దానిని గీసినవాడు ఆంద్రేస్ సుసునాగా అనే స్పెయిను దేశపు జ్యోతిష్కుడు. ఆయన మధ్యలో వ్రాసిన మాట ‘లక్ష్యం’ మాత్రమే. 2014లో మార్క్ విన్ అనే బ్లాగు రచయిత ఆ మాటను తీసి ‘ఇకిగాయ్’ అని పెట్టాడు. అనంతరం విపణిలోని గ్రంథాలు దానినే ప్రాచీన జ్ఞానమన్నట్లు ప్రచారం చేశాయి. జపాను భాషలో ‘ఇకి’ అంటే జీవించడం, ‘గాయ్’ అంటే సార్థకత. మనుమరాలి నవ్వు, పెరటిలోని మొక్క, ప్రాతఃకాలపు నడక కూడా అక్కడివారికి ఇకిగాయే. అందులో ధనప్రసక్తి అనివార్యం కాదు.

ఈ పదాన్ని గంభీరంగా పరిశీలించిన విదుషీమణి కమియా మియెకో. ఆమె మనోవైద్యురాలు. నాగషిమా అనే ద్వీపంలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో సేవ చేస్తూ, 1966లో ఇకిగాయ్‌ను గురించి ఒక గ్రంథం ప్రకటించారు. ఆ రోగులను చట్టబద్ధంగానే సమాజం నుండి వేరుచేసి ఉంచారు. ఆ చట్టం 1996లో గాని రద్దు కాలేదు. వారికి వృత్తి పోయింది, బంధువులు దూరమయ్యారు, లోకం వారిని కోరలేదు. అయినా, ఒకే దుఃస్థితిలో ఉన్నవారిలో కొందరు శూన్యంలో కుంగిపోతుండగా మరికొందరు నిండుగా జీవించడం ఎలా సాధ్యం? ఇదే ఆమె ప్రశ్న. జీవితానికి ఆలంబనమయ్యే విషయం వేరు, దానివలన కలిగే అనుభూతి వేరు అని ఆమె వివేచించారు. విషయం, అనుభవం అనే ఈ విభాగం వేదాంతపాఠం విన్నవారికి సుగ్రాహ్యమే.

ఆ నాలుగు వలయాలను ఇప్పుడు ఆ రోగుల ముందు పెట్టి చూడండి. ఒక్కరూ ఉత్తీర్ణులు కారు! ఎవరి జీవితాలను చూచి ఆ పదానికి లోతు తెలిసిందో, వారినే ఆ చిత్రం బయటికి నెట్టివేస్తుంది. ఇంతకంటె విపరీతార్థం ఇంకేమున్నది?

‘వాబి-సాబి’ విషయంలోనూ ఇదే జరిగింది. పగిలిన కుండ, గరుకు గోడ, వెలిసిన వస్త్రం అందమని చెప్పి గృహాలంకరణ సామగ్రిని విక్రయిస్తున్నారు. కాని ‘వాబి’కి మూలార్థం దైన్యం, లేమి వలన కలిగే చింత. ‘సాబి’ జీర్ణమై ఏకాంతంగా మిగిలిన దానిని సూచిస్తుంది. పదహారవ శతాబ్దంలో తేయపానవిధిని తీర్చిన సెన్ నో రిక్యు, ప్రభువైన హిదేయోషి స్వర్ణమయమైన తేయశాలను నిర్మించుకొన్న కాలంలోనే, రెండు చాపలు పట్టే గదిని, చేతితో మలచిన సాధారణపాత్రను ఆదరించాడు. ఆ లేమిని దాచక, దానిని ధ్యానవస్తువుగా స్వీకరించడమే అక్కడి సాధన. దాని వెనుక సర్వమూ అనిత్యమనే బౌద్ధదృష్టి ఉన్నది.

మిరపకల్లంలో రైతు ఎర్రకాయల నుండి తాలుకాయలను ఏరివేస్తాడు. ‘అసంపూర్ణతయే సౌందర్యం’ అని ఆ తాలును చూపి ఆయనకు బోధించడం క్రౌర్యం. అది ఆయనకు నష్టం. ఆ నష్టాన్ని నష్టమని యెరిగి, దానిని కన్నులారా చూస్తూ నిలబడగలగడం వాబికి సమీపమని నా అభిప్రాయం.

ఇకిగాయ్ అంటే మన స్వధర్మమే అని చెప్పి సంతోషించడానికి నేను అంగీకరించను. అదీ మరొక వలయం గీయడమే. మన యోగశబ్దాన్ని కేవలం అంగవిన్యాసంగా కుదించినపుడు మనం ఎంత నొచ్చుకొంటామో, అన్యుల పదాల విషయంలోనూ అంత జాగరూకత వహించాలి.

ఆ యువకునితో ఇంతే అన్నాను: “నాయనా, మీ నాన్నకు అర్థమున్నదా అని ఆ బొమ్మను అడుగకు. ఈ రాత్రి కల్లంలో కాయలకు కాపలాగా ఆయన పక్కన పడుకో. తెల్లవారి దేనికోసం లేస్తున్నాడో ఆయననే అడుగు. ధర రాలేదని ఆయన దుఃఖిస్తే, ఆ దుఃఖానికి ఏ జపాను పేరూ పెట్టకు.”