480పీలో తేల్చుకుందాం, క్రెడిట్లు చివర్లో ఖర్చు పెడదాం



ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి ఈసారి చాలా హాస్టళ్ళ నుంచి ఏఐ వీడియోలు వస్తున్నయ్. ఉప్పల్, నాచారం వైపు హాస్టళ్ళలో ఉండే మేం నలుగురం కూడా 40 సెకన్ల వీడియో ఒకటి చేసినం. ఈ పోస్టు ఆ వీడియో గొప్ప చెప్పుకోవడానికి రాయట్లేదు. డబ్బులు పోగేసి క్రెడిట్లు కొని, రెండో రోజుకే అవి అయిపోయి, సగం వీడియోతో ఆగిపోతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గ్రూపులో చాలామంది ఉన్నరు. వాళ్ళకు మా అభిప్రాయం ఒక్కటే. ముందు తక్కువ సైజులో డ్రాఫ్ట్ తీయాలి, తెలిసినవాళ్ళకు చూపించాలి, వాళ్ళు సరే అన్న షాట్‌కే మంచి క్వాలిటీ క్రెడిట్లు పెట్టాలి. అయితే డ్రాఫ్ట్ తీస్తే ఎప్పుడూ మిగులుతది అనుకోవడం కూడా సరికాదు. ముందు లెక్క చూద్దాం.

రన్‌వే సంగతి తీసుకుందాం, ఎందుకంటే 2025లో దాని రేట్లు తేలిగ్గా అర్థమయ్యేటట్టు ఉన్నయ్. స్టాండర్డ్ ప్లాన్ నెలకు 15 డాలర్లు, దాంట్లో 625 క్రెడిట్లు వచ్చేవి. జెన్-4 మోడల్‌కు సెకనుకు 12 క్రెడిట్లు, జెన్-4 టర్బోకు సెకనుకు 5. అంటే 5 సెకన్ల షాట్ జెన్-4లో 60, టర్బోలో 25. మా వీడియోలో 8 షాట్లు. అన్నీ నేరుగా జెన్-4లో తీస్తే 480 అయిపోతయ్, మిగిలిన 145తో రెండు షాట్లు మాత్రమే మళ్ళీ తీయగలం. మొదటిసారికే ఎనిమిదిలో ఆరు షాట్లు కుదురుతయని ఈ పని చేసినవాళ్ళెవరూ అనుకోరు.

"మరి టర్బోలో డ్రాఫ్ట్ తీయండి" అని చాలామంది సలహా ఇస్తరు. ఒక షాట్ మూడోసారికి కుదురుతది అనుకుందాం. నేరుగా తీస్తే 180 క్రెడిట్లు. టర్బోలో మూడు డ్రాఫ్టులు, ఆ తర్వాత ఒక ఫైనల్ అయితే 75కు 60 కలిపి 135. ఇక్కడ 45 మిగిలినయ్. కానీ ఆ ఫైనల్ డ్రాఫ్ట్ లెక్క రాకపోయి ఇంకోసారి తీయాల్సి వస్తే 195 అయితది, అంటే నేరుగా తీసిన దానికంటే ఎక్కువ. కాబట్టి డ్రాఫ్ట్ లాభం రెండు విషయాల మీద ఉంది. డ్రాఫ్ట్ ఫైనల్ కంటే బాగా చవక అయి ఉండాలి, డ్రాఫ్ట్‌లో చూసిందే ఫైనల్‌లో రావాలి. టర్బో తక్కువ సైజు కూడా కాదు, అదే సైజులో పనిచేసే వేరే మోడల్. అందుకే క్రెడిట్లతో డ్రాఫ్టులు తీయడం మాకు గిట్టుబాటుగా అనిపించలేదు.

మేం డ్రాఫ్టుల కోసం వాన్ 2.1 వాడినం. అలీబాబా వాళ్ళు 2025 ఫిబ్రవరిలో ఉచితంగా విడుదల చేసిన మోడల్ ఇది. దీంట్లో చిన్నది, 1.3బీ అనేది, 8 జీబీ పైచిలుకు గ్రాఫిక్స్ మెమరీ ఉంటే నడుస్తది. నాచారంలో మాకు తెలిసిన ఒక అన్న రూమ్‌లో 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఉన్న కంప్యూటర్ ఉంది. దాంట్లో మేం నడిపించింది ఇదీ:

```
python generate.py --task t2v-1.3B \
  --size 832*480 --frame_num 33 \
  --sample_steps 25 --base_seed 7 \
  --sample_shift 8 --sample_guide_scale 6 \
  --offload_model True --t5_cpu \
  --ckpt_dir ./Wan2.1-T2V-1.3B \
  --prompt "..."
```

దీంట్లో పొదుపు మూడు చోట్ల ఉంది. సైజు 832*480. ఫ్రేములు మామూలుగా 81 ఉంటయ్, మేం 33 పెట్టినం. ఇది సెకనుకు 16 ఫ్రేముల మోడల్ కాబట్టి 5 సెకన్ల బదులు 2 సెకన్లు వస్తది. స్టెప్పులు 50 బదులు 25. మాకు ఒక్కో డ్రాఫ్ట్ కొన్ని నిమిషాల్లోనే అయింది. స్టెప్పులు 20 కంటే తగ్గిస్తే మాత్రం బొమ్మ బురదబురదగా వచ్చి, తప్పు ప్రాంప్ట్‌దా, స్టెప్పులదా అనేది తెలియదు.

సైజు తగ్గిస్తే టైం ఎందుకు అంత తగ్గుతది? మోడల్ వీడియోను చిన్న చిన్న ముక్కలుగా చూస్తది, ప్రతి ముక్కనూ మిగతా అన్ని ముక్కలతో పోల్చుకుంటది. 81 ఫ్రేముల వీడియో 480పీలో 32,760 ముక్కలు అయితే, 720పీలో 75,600. ముక్కలు 2.3 రెట్లే పెరిగినయ్, కానీ పోలికలు 5.3 రెట్లు పెరిగినయ్. అందుకే పెద్ద సైజు అంత భారం.

ఇక డ్రాఫ్ట్‌లో ఏం చూడాలి? ఇక్కడే మనకు డబ్బుల కంటే పెద్ద విషయం ఉంది. మా వీడియోలో ఒక షాట్ గుస్సాడీ. దీపావళి టైంలో దండారీలో ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఆడే ఆట. మర్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చిన తర్వాత బయటివాళ్ళకు కూడా ఆ పేరు తెలిసింది. కానీ ప్రాంప్ట్‌లో గుస్సాడీ అని రాస్తే మోడల్‌కు ఆ మాట తెలియదు. ఈకల టోపీ, ఆదివాసీ అనేవి మాత్రం పట్టుకుని హాలీవుడ్ సినిమాల్లో చూపించే అమెరికా ఆదివాసుల తలపాగా పెట్టేసింది. ఈకలు వెనక్కి వాలి, వీపు మీద వేలాడుతున్నయ్.

ఈ తప్పు కనబడడానికి 720పీ అక్కర్లేదు. టోపీ ఆకారం, మనుషులు నిలబడ్డ తీరు, అడుగు కదిలే తీరు, కెమెరా ఎటు పోతుంది, ఇవన్నీ 480పీలో తెలిసిపోతయ్. పైగా రెండు సెకన్ల చిన్న క్లిప్ ఫైల్ చాలా తేలిక. సిగ్నల్ సరిగ్గా లేని గూడేనికి కూడా వాట్సాప్‌లో పోతది. మాలో ఒకరి పెద్దనాయిన ఉట్నూరు దగ్గర ఉంటడు, ఆయనకు పంపినం. ఆయన వాయిస్ మెసేజ్ పెట్టిండు: "ఇది మన గుస్సాడీ కాదు బిడ్డా. మన టోపీ నిండుగ, గుండ్రంగ పైకి ఉంటది. కొమ్ములు ఏవి? ఒంటికి బూడిద ఏది?"

ఆయన చెప్పినవన్నీ ప్రాంప్ట్‌లో ఇంగ్లీషులో విడివిడిగా రాసినం. నెమలి ఈకల గుండ్రటి ఎత్తైన టోపీ, దానికి కొమ్ములు, ఒంటినిండా బూడిద, నడుముకు గజ్జెలు. రెండో డ్రాఫ్ట్‌లో టోపీ మనిషి వెనకాల నెమలి పురి విప్పినట్టు వచ్చింది. మూడో దాంట్లో టోపీ కొంచెం దగ్గరకు వచ్చింది కానీ ఆట సినిమా గ్రూప్ డాన్స్ లెక్క ఉంది. మేం ముందే పెట్టుకున్న నియమం ఒకటుంది: ఒక షాట్‌కు మూడు డ్రాఫ్టులే. మూడింట్లో కుదరకపోతే ఆ షాట్ మోడల్‌కు రాదని ఒప్పుకుని వేరే దారి చూడాలి. గుస్సాడీ షాట్ ఏఐతో తీయడం మానేసినం. గూడెంలో ఇంతకుముందు దండారీ అప్పుడు ఫోన్‌లో తీసిన క్లిప్‌ను, ఆడినవాళ్ళను అడిగి, వాడినం. అదే షాట్‌ను నేరుగా మంచి క్వాలిటీలో తీసి ఉంటే మెరిసే వెలుగులో ఆ తప్పు టోపీ చాలా అందంగా వచ్చేది. అందంగా వచ్చిన తప్పును తీసేయడానికి ఎవరికీ చేయి రాదు, పైగా 60 క్రెడిట్లు పోయినయ్ కదా అని ఉంచేస్తరు. తర్వాత అదే మన బొమ్మ అని లోకం అనుకుంటది.

డ్రాఫ్ట్‌లో తేలనివి కూడా ఉన్నయ్. దూరంగా ఉన్న మొహాలు, వేళ్ళు, చీర అంచు డిజైన్, బోర్డుల మీద అక్షరాలు 480పీలో అలికినట్టే ఉంటయ్. వాటిని చూసి షాట్‌ను కొట్టేయొద్దు. అక్షరాలైతే ఎడిటింగ్‌లోనే వేసుకోండి, మోడల్‌కు వదలొద్దు.

ఇంకో చిక్కు. "సీడ్ నంబర్ అదే పెట్టి సైజు పెంచితే డ్రాఫ్ట్‌లో వచ్చిందే వస్తది కదా" అని అడుగుతరు. రాదు. మోడల్ మొదలుపెట్టేది చుక్కచుక్కల గోల నుంచి. సీడ్ అంటే ఆ చుక్కలు ఎట్లా పడాలో చెప్పే నంబర్. సైజు మారినా, ఫ్రేములు మారినా చుక్కల వరసే మారిపోతది, అప్పుడు అదే సీడ్ వేరే వీడియో ఇస్తది. మోడల్ మారితే ఇక చెప్పనక్కర్లేదు. దీనికి మేం వాడిన ఉపాయం మొదటి ఫ్రేమ్‌ను బొమ్మగా ఇవ్వడం. నచ్చిన డ్రాఫ్ట్‌లోంచి ఒక ఫ్రేమ్ తీసి శుభ్రం చేసుకోవచ్చు, లేదా మనం తీసిన ఫోటోనే ఇవ్వొచ్చు. జెన్-4 ఎట్లాగూ బొమ్మ నుంచే వీడియో చేస్తది. అప్పుడు మనుషులు, బట్టలు, చెట్లు ఎక్కడ ఉండాలో బొమ్మే చెప్తది, డ్రాఫ్ట్ నుంచి మనం తెచ్చుకునేది కదలిక మాటలే. ఉప్పల్ స్టేషన్‌లో మెట్రో దిగే అమ్మాయి షాట్ మేం ఇట్లనే మా ఫోటోతో చేసినం, ఒక్కసారికే కుదిరింది.

చివరి లెక్క ఇదీ. 8 షాట్లలో 3 డ్రాఫ్ట్ దగ్గరే ఆగిపోయి ఫోన్ వీడియోలుగా మారినయ్. మిగిలిన 5 షాట్లకు 300 క్రెడిట్లు. వాటిలో రెండు మళ్ళీ తీయాల్సి వచ్చింది, 120. మొత్తం 420. ఇంకా 205 మిగిలినయ్. హాస్టల్ హాల్లో ప్రొజెక్టర్ మీద, వాట్సాప్ స్టేటస్‌లో చూసే వీడియోకు 720పీ చాలు కాబట్టి 4కే జోలికి పోలేదు.

"ఇంత టైం ఎక్కడుంది, సెమిస్టర్ పరీక్షలున్నయ్" అనేవాళ్ళ మాట నిజమే. డ్రాఫ్టులకు మాకు రెండు ఆదివారాలు పట్టినయ్. కంప్యూటర్ దొరకనివాళ్ళు కనీసం ఒక్క పని చేయొచ్చు. వీడియో కంటే ఒక్క బొమ్మకు ఖర్చు చాలా తక్కువ, కాబట్టి ముందు ప్రతి షాట్‌కు బొమ్మ చేసి, అది ఊరికి పంపి, సరే అన్నాకే దాన్ని వీడియో చేయండి. కదలిక తెలియదు గానీ టోపీ తప్పు అక్కడే దొరుకుతది.

మనం ఉండే నాచారంలోనే ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియో ఉంది. రీలు మీద సినిమా తీసిన కాలంలో నెగెటివ్ ఖరీదు కాబట్టి కెమెరా నడవకముందే రిహార్సల్ చేసేవాళ్ళు. డ్రాఫ్ట్ కూడా అంతే. కాకపోతే మన రిహార్సల్ చూసి కట్ చెప్పాల్సింది గూడెంలో ఉన్న పెద్దలు. అందుకే మా మాట: పెద్దలకు పంపని షాట్‌కు ఫైనల్ బటన్ నొక్కొద్దు.

కోయ, నాయకపోడ్, కొలాం, లంబాడా, చెంచు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ దగ్గర మోడల్‌కు అస్సలు రాని షాట్లు ఏవో కింద రాయండి. ఏ షాట్‌కు డ్రాఫ్ట్ కూడా దండగో ఆ లిస్టు మనందరికీ పనికొస్తది.