కమీషన్ తగ్గించమని అడిగే ముందు

తెలుగులో చిన్న ప్రచురణకర్తలు చాలామంది పుస్తకం వెలలో నలభై నుంచి యాభై శాతం దాకా పంపిణీదారుకు వదులుకుంటారు. కాగితం ధర పెరిగిన ప్రతిసారీ వాళ్ల చూపు ముందు ఆ యాభై మీదే పడుతుంది. ఏళ్ల తరబడి పుస్తకాలు అమ్మిపెడుతున్న మనిషికి ఫోన్ చేసి, "ఇకనుంచి నలభై ఐదే ఇవ్వగలం" అని చెప్పేస్తారు. ఆయన పైకి ఏమీ అనకపోవచ్చు. కానీ ఆ పుస్తకాలు గోడౌన్‌లో వెనక అరల్లోకి జరుగుతాయి, ఆర్డర్లు పలచబడతాయి. షరతులు మార్చమని అడిగే హక్కు ప్రచురణకర్తకు తప్పకుండా ఉంది. అయితే అడిగే ముందు అవతలివాడి లెక్కల పుస్తకంలో ఆ మార్పు ఎలా కనిపిస్తుందో తన చేత్తో లెక్కవేసి చూడాలని నా అభిప్రాయం.

ఉదాహరణగా ఒక లెక్క వేద్దాం. వెల 200 రూపాయలు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి లెక్క సూటిగానే ఉంటుంది. పంపిణీదారుకు సగం, అంటే 100. అచ్చుకు 60, రచయిత రాయల్టీ 20 పోతే ప్రచురణకర్తకు మిగిలేది 20. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, పార్సిల్ ఖర్చు అన్నీ అందులోంచే రావాలి. ఇంతవరకూ ప్రతి ప్రచురణకర్తకూ తెలుసు.

పంపిణీదారు దగ్గర ఆ వంద రూపాయలు ఏమవుతున్నాయో మాత్రం చాలామంది చూడరు. ఆయన ఊరూరా ఉన్న షాపులకు 35 శాతం ఇస్తున్నాడనుకుంటే 70 రూపాయలు వాళ్లకే పోతాయి. ఆయనకు మిగిలేది 30. గోడౌన్ అద్దె, కుర్రాళ్ల జీతాలు, షాపుల దగ్గర మునిగిపోయే బాకీలు అన్నీ ఆ ముప్పైలోనే. ఇప్పుడు కమీషన్ ఐదు శాతం తగ్గిస్తే పుస్తకానికి 10 రూపాయలు పోతాయి. మనకది వెలలో ఐదు శాతం, ఆయనకు చేతికొచ్చే దాంట్లో మూడోవంతు. ఫోన్‌లో అవతలి గొంతు ఎందుకు మారిపోయిందో ఇక్కడ అర్థమవుతుంది.

తర్వాత అమ్మకాల లెక్క తీయాలి. ఇక్కడ మూడు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది, పంపిన ప్రతుల్ని అమ్ముడైన ప్రతులుగా లెక్కించడం. పుస్తకాలు వెళ్లేది అమ్ముడుకాకపోతే వెనక్కి తీసుకునే షరతు మీద. కాబట్టి రిటర్నులు తీసేసిన అంకెకే విలువ. రిటర్నులు ఆలస్యంగా వస్తాయి కనుక ఆఖరి ఆరు నెలల్లో పంపినవాటిని లెక్కలో చేర్చకపోవడం మేలు, లేకపోతే నిన్నటి అమ్మకాలు ఉన్నదానికంటే బాగా కనిపిస్తాయి. రెండోది, రూపాయల్లో చూడడం. మధ్యలో వెల పెంచితే అమ్మకం పెరిగినట్టు భ్రమ కలుగుతుంది, అందుకే ప్రతులు లెక్కపెట్టాలి. మూడోది పుస్తక ప్రదర్శనలు. డిసెంబర్ ప్రాంతంలో హైదరాబాద్‌లో, జనవరిలో విజయవాడలో మనమే స్టాల్ పెట్టి పాఠకుడికి నేరుగా తగ్గింపు ఇచ్చి అమ్ముతాం. ఆ రెండు నెలల్లో పంపిణీదారు అమ్మకం పడిపోయిందని ఆయన మీద నేరం మోపడం అన్యాయం.

మన ఉదాహరణలో ఏడాదికి 2,000 ప్రతులు వెళ్లి 600 వెనక్కి వచ్చాయనుకుందాం. నికరం 1,400. అన్నిటినీ ఒకే వరసలో పెడితే ఇంతకంటే ఏమీ తెలియదు. కొత్తవీ పాతవీ విడదీస్తే అసలు కథ బయటపడుతుంది. పేరున్న పాత పుస్తకాలు 960 వెళ్లి 60 మాత్రమే తిరిగొచ్చాయి. కొత్తవి 1,040 వెళితే 540 తిరిగొచ్చాయి. పాతవాటిని పాఠకుడే అడిగి కొంటున్నాడు. కొత్తవాటిని షాపువాడికి పరిచయం చేయాలి, ఆ కష్టం పంపిణీదారుదే. అందుకని కొత్తవాటికి యాభై శాతం అలాగే ఉంచి, పాతవాటికి మాత్రం నలభై ఐదు అడగడం న్యాయం. కొత్తవి సగానికి పైగా వెనక్కి రావడానికి మనం అవసరాన్ని మించి పంపడమూ ఒక కారణం కావచ్చు. దాన్ని మన వైపు నుంచే తగ్గించుకోవాలి.

అయినా 900 పాత పుస్తకాల మీద పదేసి రూపాయల చొప్పున ఆయనకు ఏడాదికి 9,000 పోతుంది. మొత్తం 1,400 ప్రతుల మీద ఆయనకు మిగిలేది 42,000. అందులో అయిదో వంతుకు పైగా వదులుకోమంటే ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు? అందుకని ప్రతిపాదనలో మనం ఇచ్చేది కూడా ఉండాలి. నెలవారీ అమ్మకాల స్టేట్‌మెంట్ ఇచ్చిన అరవై రోజుల్లోపు డబ్బు కడితే వెల మీద రెండు శాతం అదనంగా ఇస్తామనాలి. 1,400 ప్రతుల వెల 2,80,000 కాబట్టి అది 5,600 అవుతుంది. రిటర్నుల రవాణా ఇన్నాళ్లూ ఆయన భరిస్తుంటే ఇకమీదట మనం భరిస్తామనాలి. ప్రతికి అయిదు రూపాయల చొప్పున అది 3,000. ఇప్పుడు ఆయనకు పోయేది 400 మాత్రమే.

మరి మనకు దక్కిందేమిటి, నాలుగు వందలేనా అనిపిస్తుంది. ఇన్నాళ్లూ డబ్బు ఎనిమిది నెలలకు వస్తోందనుకుంటే, అది రెండు నెలలకే రావడం అసలు లాభం. కొత్త షరతుల ప్రకారం ఏడాదికి మన చేతికొచ్చేది సుమారు 1,43,000. అది ఆరు నెలలు ముందు వస్తే నూటికి రూపాయి వడ్డీ చొప్పున 8,600 ఆదా. నాలుగు వందలు కలిపితే తొమ్మిది వేలు. పాతవాటి మీద మొండిగా ఐదు శాతం కోసి తెచ్చుకోవాలనుకున్నదీ ఇంతే. పైగా రీప్రింట్‌కు అప్పు చేయాల్సిన అవసరం తగ్గుతుంది. చాలామంది ప్రచురణకర్తలు శాతం కోసం పోట్లాడుతుంటారు కానీ, వాళ్లను నిజంగా ముంచుతున్నది ఆలస్యంగా వచ్చే డబ్బే. లెక్క విడదీసి చూస్తే ఆ సంగతి బయటపడుతుంది.

ఇక అడిగే పద్ధతి. మన దగ్గరున్న అంకెల్ని ముందుగా, ఏ కోరికా జోడించకుండా పంపాలి. "మీ రికార్డుతో ఒకసారి సరిచూడండి, తేడా ఉంటే మీ అంకెనే తీసుకుందాం" అనాలి. అంకెల మీద తగువు తేలాకే షరతుల ప్రస్తావన. అది ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, తర్వాత ఒక పేజీలో రాసుకోవాలి. ఏప్రిల్ 1 నుంచి కొత్త షరతులు, అప్పటికే ఆయన గోడౌన్‌లో ఉన్న సరుకుకు పాత షరతులే, ఏడాది తర్వాత ఇద్దరూ కలిసి సమీక్ష. రెండు శాతం ఆశ ఉన్నా మూడు నెలలు వరసగా డబ్బు గడువు దాటితే, షాపుల నుంచి ఆయనకే డబ్బు రావడం లేదేమోనని మొదట కనుక్కోవాలి.

ఆయన లేకుండా నేరుగా అమ్ముకుందామనుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను ఎత్తేసింది. దాంతో అప్పట్లో ఒక్కో పుస్తకాన్ని పాఠకుడి ఇంటికి చేర్చే ఖర్చు చిన్న ప్రచురణకర్తకు మరింత బరువైంది. ఊళ్లలో షాపుల దాకా పుస్తకాన్ని మోసుకెళ్లే పంపిణీదారు విలువ తగ్గలేదు, పెరిగింది. కాబట్టి ప్రచురణకర్తలకు నా మనవి ఒక్కటే. ఈ మార్చిలోపు మీ రిటర్నుల పుస్తకం తెరవండి, పాతవీ కొత్తవీ విడదీసి రాయండి, అవతలివాడి ముప్పై రూపాయల్లో ఎంత పోతుందో కూడా ఆ కాగితం మీదే వేయండి. ఆ అంకె చూశాక కూడా మీ కోరిక న్యాయమనిపిస్తే, అప్పుడు వెళ్లి అడగండి.